మంగళవారం ఉదయం పదింటికేనా? విశాఖ వ్యాపారులకు మొదటి మెసేజ్ ఎప్పుడు పంపాలి

కొత్త వ్యాపారికి మనల్ని పరిచయం చేసుకుంటూ మెసేజ్ పంపాలంటే మంగళవారం ఉదయం పది గంటలు మంచి సమయమని ఎక్కడ చూసినా ఒకే సలహా కనిపిస్తుంది. ఆ సలహా రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని మెయిల్ చూసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని పుట్టింది. కురుపాం మార్కెట్లో నగల షాపు యజమాని ఆ వేళకు ఇంకా షట్టరు ఎత్తి ఉండడు. పరవాడలో మందుల కంపెనీ ఇంజినీరు ఆ వేళకు మీటింగులో ఉంటాడు. కాబట్టి అందరికీ ఒకే మంచి సమయం కోసం వెతకడం మానేసి, మన పాఠకుడు ఏ వేళ ఖాళీగా ఉంటాడో, ఏ వేళ నిర్ణయం తీసుకోగలడో చూసుకోవాలి.

ఇదంతా ఒక్క ఉదాహరణ మీద చెప్పుకుందాం. ఆటోనగర్లో ఎలక్ట్రానిక్ కాటాలు బాగుచేసి, తూనికలు కొలతల శాఖ చేత ముద్ర వేయించిపెట్టే చిన్న సర్వీసు సంస్థ ఉందనుకోండి. దాని లైసెన్సు, పనివాళ్లు అన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఇప్పుడు కొత్త ఖాతాదారులు కావాలి. చేతిలో అరవై చిరునామాలున్నాయి: నగల షాపులు, పూర్ణా మార్కెట్ హోల్‌సేల్ కొట్లు, పరవాడ ఫార్మా యూనిట్లు, రొయ్యలు ఎగుమతి చేసే ప్లాంట్లు. అందరికీ కావలసింది కాటాయే. అయినా నలుగురికీ నాలుగు వేళలు.

ముందు గడువు తేదీ, తర్వాతే వారం

వారంలో ఏ రోజు అన్న ప్రశ్న కంటే ముందు అడగాల్సింది, ఈ పని వాళ్లకు ఏ నెలలో అవసరమవుతుందని. కాటా విషయంలో దీనికి జవాబు కాటా మీదే ఉంటుంది. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి మళ్లీ ముద్ర వేయించాలి. ఆ ముద్రలో సంవత్సరంతో పాటు, ముద్ర వేసిన త్రైమాసికాన్ని చెప్పే ఒక ఆంగ్ల అక్షరం ఉంటుంది: జనవరి నుంచి మార్చి వరకు A, ఏప్రిల్ నుంచి జూన్ వరకు B, జులై నుంచి సెప్టెంబరు వరకు C, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు D. షాపులో ఏదైనా కొనడానికి వెళ్లినప్పుడు కాటా పక్కన ఆ చిన్న సీలు చూస్తే చాలు, ఆ షాపుకు ఎప్పుడు రాయాలో సగం తెలిసిపోతుంది.

అందుకే చిరునామాల పట్టికలో పేరు, నంబరు పక్కన మొట్టమొదట పెట్టాల్సిన గడి ఈ అక్షరమే. అక్షరం తెలియని చోట ఖాళీగా వదలండి, ఊహించి రాయకండి. ఊహించిన అక్షరంతో "మీ ముద్ర గడువు దగ్గరపడింది" అని రాస్తే, అది తప్పయిన క్షణంలో ఆ షాపు తలుపు మూసుకుపోతుంది.

గడువుకు ఎంత ముందు రాయాలన్నది కొనేవాడి పద్ధతిని బట్టి మారుతుంది. షాపు యజమాని తానే చూసి, తానే ఒప్పుకుని, తానే డబ్బిస్తాడు కాబట్టి ఆ త్రైమాసికం మొదటి నెలలో రాస్తే సరిపోతుంది. మరీ ముందు రాస్తే "చూద్దాంలెండి" అని మరిచిపోతాడు. ఫార్మా కంపెనీలో అలా కాదు. కొత్త సర్వీసు సంస్థను వాళ్ల జాబితాలో చేర్చుకోవాలి, కొటేషన్లు పోల్చుకోవాలి, తర్వాత పర్చేజ్ ఆర్డరు రావాలి. అక్కడికి మొదటి మెయిల్ కనీసం మూడు నెలల ముందు వెళ్లాలి. D అక్షరం ఉన్న కాటాలకు జులైలోనే రాయాలన్నమాట.

మీరు అమ్మేది కాటా సర్వీసు కాకపోయినా ఇలాంటి గడువు ఒకటి ఉంటుంది. మంటలార్పే సిలిండరు మీద రీఫిల్ తేదీ, వాహనానికి ఫిట్‌నెస్, సాఫ్ట్‌వేరుకు రెన్యువల్ అలాంటివే. అది దొరికితే దాని చుట్టూ కట్టుకోండి. దొరక్కపోతేనే వారం, గంట అనే లెక్కల మీద పూర్తిగా ఆధారపడాలి.

నెలలో వదిలేయాల్సిన తేదీలు

చిన్న వ్యాపారంలో కొత్త ఖర్చు దేనికైనా "మా అకౌంటెంటును అడిగి చెప్తా" అనే మాట వస్తుంది. ఆ అకౌంటెంటు తల ఎత్తలేని రోజులు ముందే తెలిసినవే. ప్రతి నెలా 7న టీడీఎస్ కట్టాలి, 11న జీఎస్టీఆర్-1, 15న పీఎఫ్, ఈఎస్ఐ, 20న జీఎస్టీఆర్-3బి. ఏడాదికి రూ.5 కోట్ల లోపు టర్నోవరుతో మూడు నెలలకోసారి రిటర్ను వేసే వ్యాపారులకు ఆంధ్రప్రదేశ్‌లో 3బి గడువు త్రైమాసికం ముగిశాక వచ్చే నెల 22. జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల్లో 15న అడ్వాన్స్ ట్యాక్స్ కూడా తోడవుతుంది. నెలాఖరున జీతాలు.

ఇవన్నీ క్యాలెండరు మీద కొట్టేస్తే నెలలో నిజంగా తెరిపి ఉండేది 23 నుంచి 27 దాకా. అకౌంటెంటుకో ఆడిటరుకో నేరుగా రాసేటప్పుడు ఈ ఐదు రోజులు తప్ప మిగతావి వదిలేయండి. యజమానికి రాసేటప్పుడు అంత పట్టింపు అక్కర్లేదు గానీ, గడువు రోజునా దాని ముందు రోజునా మాత్రం పంపకండి. బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలు సెలవు కాబట్టి రుణంతోనో చెల్లింపుతోనో ముడిపడిన మెసేజ్ ఆ రెండు శనివారాలకు ముందు శుక్రవారం మధ్యాహ్నం పంపితే సోమవారం దాకా కదలదు.

నగల షాపు: చదివే వేళ వేరు, ఒప్పుకునే వేళ వేరు

నగల వ్యాపారికి మెయిల్ పనికిరాదు, వాట్సాప్ మెసేజే. షాపు తెరిచాక పూజ, లాకరులోంచి సరుకు తీసి లెక్క చూసుకోవడం, ఆనాటి బంగారం ధర సరిచూసి బోర్డు మార్చడం, ఇవన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం దగ్గరపడుతుంది. సాయంత్రం ఐదు దాటితే కుటుంబాలతో కొనేవాళ్లు వస్తారు. మధ్యలో భోజనం అయ్యాక మూడు నుంచి నాలుగున్నర దాకా కౌంటరు ముందు జనం పలచగా ఉంటారు. యజమాని ఫోను చేతిలోకి తీసుకునేది అప్పుడే.

ఇక రోజు. మంగళవారం కొత్త పని మొదలుపెట్టడం, డబ్బు బయటికి ఇవ్వడం చాలామందికి ఇష్టం ఉండదు. పైగా మంగళవారం రాహుకాలం మూడు నుంచి నాలుగున్నర వరకు. ఆయనకు తీరికుండే గంటన్నరా అచ్చంగా అదే. మెసేజ్ చదవడానికి రాహుకాలం అడ్డం కాదు, నిజమే. కానీ చదివిన వెంటనే "సరే, రండి" అనాల్సిన మనిషి ఆ సమయంలో అనడు. ఒకసారి పక్కన పెట్టిన మెసేజ్ సాయంత్రం రద్దీలో కిందికి జారిపోతుంది. శుక్రవారం లక్ష్మీదేవి రోజు, అమ్మకాల రోజు. శనివారం, ఆదివారం జనం. సోమవారం వారాంతపు లెక్కలు. మిగిలినవి బుధ, గురువారాలు. బుధవారం రాహుకాలం పన్నెండు నుంచి ఒకటిన్నర వరకు, గురువారం ఒకటిన్నర నుంచి మూడు వరకు. కాబట్టి రెండు రోజులూ మూడుంబావు దాటాక దారి తెరిచే ఉంటుంది.

ఈ నమ్మకాలు మీకున్నా లేకున్నా సరే, డబ్బు తీయాల్సిన మనిషికి ఉన్నాయంటే అవి పంపే వేళను మారుస్తాయి. నమ్మకం లేని యజమానికి కూడా బుధవారం మూడుంబావు తీరిక వేళే కాబట్టి నష్టమేమీ లేదు.

విశాఖలో గురువారానికి ఒక మినహాయింపు ఉంది. మార్గశిర మాసంలో గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి జనం పోటెత్తుతారు. వన్‌టౌన్ వీధులన్నీ నిండిపోతాయి, కురుపాం మార్కెట్ కూడా ఆ చుట్టుపక్కలే. ఆ నెలంతా గురువారం వదిలేసి బుధవారమే పెట్టుకోండి. అక్షయ తృతీయ నాడు బంగారం కొనుగోళ్లూ, సింహాచలంలో చందనోత్సవమూ ఒకే రోజు పడతాయి. దానికి ముందు పది రోజులు నగల షాపులకు ఏమీ పంపకండి. ధనత్రయోదశి ముందూ అంతే.

దీనికి ఎదురుగా ఆషాఢం ఉంది. పెళ్లిళ్లు లేవు, షాపులో బేరాలు మందకొడి. కాటా విప్పి శుభ్రం చేయడానికి, ముద్రకు పంపడానికి యజమానికి అదే అనువైన నెల. "ఆషాఢంలో కొత్త పని చేయరు కదా" అనే సందేహం వస్తుంది. కొత్త కాటా కొనమంటే చేయరు, పాత కాటా సర్వీసంటే చేస్తారు. మీ మెసేజ్ మొదటి వాక్యంలో ఏ మాట వాడాలో కూడా దీన్నిబట్టే తేల్చుకోవాలి.

మిగతా ముగ్గురు

పూర్ణా మార్కెట్ హోల్‌సేల్ కొట్టులో తెల్లవారుజాము నుంచి లోడు దించడం, చిల్లర వర్తకులకు తూచి ఇవ్వడంతోనే పొద్దు పోతుంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కాస్త ఊపిరి. నగల షాపుకు చెప్పిన రోజులే ఇక్కడా సరిపోతాయి. తేడా అల్లా ఏమిటంటే, సంక్రాంతి, దసరాలకు ముందు మూడు వారాలు పూర్తిగా వదిలేయాలి. మెసేజ్ మూడు వరుసలు దాటకూడదు, గోదాములో నిలబడి చదివే మనిషి అతను.

ఫార్మా యూనిట్లో చదివేది ఇంజినీరింగ్ లేదా క్వాలిటీ విభాగం అధికారి. జనరల్ షిఫ్టుకు కంపెనీ బస్సులో దిగి, రాత్రి షిఫ్టులో ఏం జరిగిందో తెలుసుకుని, ఉదయం మీటింగుకు వెళ్తాడు. మీటింగయ్యాక మెయిల్ తెరిస్తే రాత్రంతా వచ్చినవి పేరుకుని ఉంటాయి. ఎనిమిదింటికి పంపిన మీ మెయిల్ ఆ కుప్పలో ఒకటవుతుంది. పదకొండుకు పది నిమిషాలు అటూ ఇటూగా పంపితే, ఆయన కుప్ప ఊడ్చుకున్నాక కొత్తగా వచ్చిందిగా పైన కనిపిస్తుంది. మంగళ, బుధ, గురువారాల్లో ఏదైనా మంచిదే. ఇక్కడ మంగళవారం పట్టింపు లేదు, డబ్బు ఆయన జేబులోది కాదు. నెల చివరి నాలుగు రోజులు సరుకు పంపించే ఒత్తిడిలో ఉంటారు కాబట్టి వాటిని వదిలేయండి.

రొయ్యల ప్లాంటు దగ్గర చాలామంది పొరబడతారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలకు చేపల వేట నిషేధం. అప్పుడు ఎగుమతిదారులు ఖాళీగా ఉంటారని ఆ రెండు నెలల్లో మెసేజ్‌లు గుప్పిస్తారు. కానీ ప్లాంట్లకు వచ్చేది ఎక్కువగా చెరువుల్లో పెంచిన వనామీ రొయ్య. వేసవి పంట పట్టుబడులు సరిగ్గా ఆ రోజుల్లోనే ముమ్మరంగా సాగుతాయి. బోట్లు ఒడ్డున ఆగినంత మాత్రాన కాటా ఆగదు. వాళ్లకు కాస్త తీరిక దొరికేది చలికాలంలో, సంక్రాంతి దాటాక ఫిబ్రవరి దాకా. వేళ విషయానికొస్తే సాయంత్రాలు అస్సలు పంపకండి. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదంటే మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా అయితే ఏడున్నర. ఎగుమతి మేనేజరు అప్పుడు కొనుగోలుదారుతో ఫోనులో ఉంటాడు, రాత్రి పొద్దుపోయేదాకా అలాగే ఉంటాడు, మర్నాడు ఆలస్యంగా వస్తాడు. పదకొండున్నర నుంచి పన్నెండున్నర మధ్య దొరుకుతాడు.

2026 జులై నెల మీద వేసి చూద్దాం

ఆ ఏడాది అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి ఆషాఢం ఆలస్యంగా, జులై 15 ప్రాంతంలో మొదలవుతుంది. C అక్షరం ఉన్న నగల షాపులకు ఇదే నెల. జులైలో ఆషాఢంలో పడే బుధవారాలు 15, 22, 29.

15 అమావాస్య మర్నాడు, 20వ తేదీ రిటర్ను ముందుంది, ఇంకా తొందర. 22 మొదట చూడగానే చక్కగా కుదిరినట్టుంది: 20 దాటింది, ఆషాఢం, బుధవారం. కానీ ఏప్రిల్-జూన్ త్రైమాసికానికి చిన్న వ్యాపారుల 3బి గడువు అదే రోజు. 29 ఆషాఢ పౌర్ణమి. సింహాచలం గిరి ప్రదక్షిణ జనం 28, 29 తేదీల్లో నగరమంతా నిండి ఉంటారు, యజమానులు చాలామంది తామే నడుస్తారు. మూడు బుధవారాలూ పోయాయి. అప్పుడు గురువారం చూడాలి: జులై 23, మార్గశిరం కాదు కాబట్టి అడ్డు లేదు, రాహుకాలం మూడింటికి ముగుస్తుంది. మధ్యాహ్నం 3.20కి పంపాలి. ముద్ర గడువుకు ఇంకా రెండు నెలలుంది, తిరిగి గుర్తు చేయడానికి చోటు మిగిలింది.

ఫార్మాలో D కాటాల కోసం జులై 21 మంగళవారం ఉదయం 11.05. హోల్‌సేల్ కొట్లకు జులై 23నే, కానీ 2.20కి కాదు. అది గురువారం రాహుకాలంలో పడుతుంది. వాళ్ల తీరిక నాలుగు దాకా ఉంది కాబట్టి 3.10కి పంపండి. రొయ్యల ప్లాంట్లు జులైలో వద్దు. వాటికి 2027 జనవరి మూడో వారం రాసి పెట్టుకోండి. ఈలోగా ఎవరిదైనా కాటా చెడితే వాళ్లే పిలుస్తారు, ఆ పిలుపుకు తేదీ చూడక్కర్లేదు.

పంపడం

జీమెయిల్లో `Send` పక్కన బాణం నొక్కితే `Schedule send` వస్తుంది, అందులో `Pick date & time`లో తేదీ, గంట పెట్టండి. సరిగ్గా 11.00 పెట్టకండి. ప్రతి ఒక్కరూ పూర్తి గంటలనే ఎంచుకుంటారు కాబట్టి ఆ నిమిషంలో మెయిళ్లు గుంపుగా దిగుతాయి. 11.05 అనో 11.12 అనో పెట్టండి. అందరినీ బీసీసీలో పెట్టి ఒక్కసారిగా పంపకుండా, ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాల తేడాతో పేరు పెట్టి పంపండి.

వాట్సాప్ అయితే ఎవరో ఒకరు ఆ వేళకు కూర్చుని చేత్తో పంపడమే మేలు. జవాబిచ్చిన వాళ్లకు అక్కడికక్కడే తిరిగి జవాబివ్వాలి. 3.20కి మెసేజ్ పంపి, 3.30కి "ఎంత అవుతుంది?" అని వచ్చిన ప్రశ్నకు రాత్రి ఎనిమిదింటికి జవాబిస్తే వేళ చూసుకున్న కష్టమంతా వృథా. కాబట్టి పంపే ముందు ఆ గంట మీరు ఖాళీగా ఉన్నారా అన్నది చూసుకోండి.

జవాబు రాకపోతే రెండో మెసేజ్ నాలుగు పనిదినాల తర్వాత, మొదటిదానికి భిన్నమైన వేళలో. మొదటిది మధ్యాహ్నం పోతే రెండోది షాపు తెరిచాక పన్నెండుకు కాస్త ముందు. మూడోది వద్దు, మళ్లీ ఏడాది అదే త్రైమాసికంలో రాయండి.

పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది

మెయిల్ తెరిచారా లేదా అని చూపించే అంకెలను నమ్మకండి. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో బొమ్మలను ముందే దించిపెట్టే పద్ధతి తెచ్చింది. దాంతో మనిషి చూడకపోయినా తెరిచినట్టే నమోదవుతుంది. పెద్ద కంపెనీల్లో భద్రతా వడపోతలు లింకులను కూడా తామే నొక్కి చూస్తాయి. మెయిల్ దిగిన క్షణాల్లోనే నొక్కినట్టు కనిపిస్తే అది మనిషి పని కాదు. లెక్కపెట్టాల్సింది జవాబులే.

బుధవారం మేలా, గురువారం మేలా అని చిరునామాలను రెండుగా చీల్చి పరీక్షించాలనిపిస్తుంది. అరవై చిరునామాలతో అది తేలదు. వందకు ఐదుగురు జవాబిచ్చే చోట పదిమంది ఇచ్చేలా మారిందని గట్టిగా చెప్పాలంటే ఒక్కో వైపు సుమారు 440 మంది కావాలి. ముప్పైలో ఇద్దరికీ నలుగురికీ మధ్య తేడా కేవలం అదృష్టం కావచ్చు. ఆ తేడా చూసి పద్ధతి మార్చుకుంటే గాలివాటున పడవ తిప్పినట్టే.

చిన్న పట్టికకు అంతకంటే పనికొచ్చే సాక్ష్యం ఒకటుంది: వాళ్లు మీకు రాసిన వేళలు. జవాబులు, ఎంక్వయిరీలు, ధర అడిగిన మెసేజ్‌లు, ఇవన్నీ ఎప్పుడు వచ్చాయో గూగుల్ షీట్‌లో ఒక్కో వరుసగా రాయండి. A గడిలో వచ్చిన తేదీ, సమయం ఉంటే B, C గడుల్లో రోజు, గంట ఇలా తీయవచ్చు. మూడోది బుధవారం మూడు నుంచి నాలుగు మధ్య ఎన్ని వచ్చాయో చెబుతుంది.

```
=TEXT(A2,"ddd")
=HOUR(A2)
=COUNTIFS(B:B,"Wed",C:C,15)
```

నగల షాపులకు ఒక షీటు, ఫార్మాకు ఇంకొకటి వేర్వేరుగా ఉంచండి, కలిపితే రెండింటి వేళలూ మసకబారతాయి. మీరు మెసేజ్ పంపిన గంటలోపు వచ్చిన జవాబులకు పక్కన గుర్తు పెట్టండి. అవి మీరు ఎంచుకున్న వేళనే తిరిగి చూపిస్తాయి కాబట్టి వాటిని లెక్కలోంచి తీసేయాలి. మీరు ఏమీ పంపకుండా వాళ్లంతట వాళ్లు రాసినవే అసలైన సూచన. అలాంటివి ముప్పై పోగయ్యాక చూడండి. నగల షాపుల వరుసలు మూడు గంటల దగ్గర కాకుండా పన్నెండు దగ్గర గుమిగూడితే, ఇక్కడ చెప్పిన 3.20ని పక్కన పెట్టి పన్నెండుకు మారండి. అప్పుడు బుధవారం మాత్రం వద్దు, రాహుకాలం మొదలయ్యేది అప్పుడే. గురువారం పన్నెండుకు పంపండి.